బ్రాంచి సరకుకు రెండు ధరలు

బ్రాంచికి సరకు పంపేటప్పుడు హెడ్డాఫీసు కొన్న ధరకే ఇన్వాయిస్ రాయాలన్న నియమం లేదు. కొన్న ధరపై కొంత కలిపి, ఆ పెంచిన ధరకే బ్రాంచి పేర లెక్క వేసే పద్ధతి ఒకటుంది. కలిపిన మొత్తాన్ని లోడింగ్ అంటారు. పన్నెండు వందలకు కొన్న ప్రెషర్ కుక్కర్‌ను పదిహేను వందలకు ఇన్వాయిస్ చేస్తే, మూడు వందలు లోడింగ్. సంస్థ తన దుకాణానికి తానే లాభం వేసుకుని సరకు పంపడం పైకి వింతగానే కనిపిస్తుంది. ఆ మూడు వందలు ఇంకా ఎవరూ సంపాదించని లాభం. కుక్కర్ కొనుగోలుదారు చేతికి వెళ్లేదాకా అది కాగితం మీది అంకె మాత్రమే.

అయినా ఇలా చేయడానికి కారణాలున్నాయి. బ్రాంచి మేనేజరుకు అసలు మార్జిన్ తెలియనక్కర్లేదని యజమానులు అనుకోవడం ఒకటి. పుస్తకాల్లో మొదట చెప్పే కారణం ఇదే గానీ, నిజానికి బలమైనది రెండోది: సరకుపై నిఘా. బ్రాంచికి పంపిన ధర, బ్రాంచి అమ్మే ధర ఒకటే అయితే, పంపిన విలువలోంచి అమ్మిన విలువ తీసేస్తే మిగిలేది అరల్లో ఉండాల్సిన సరకు విలువే. ఎవరినీ ఏమీ అడగకుండానే, విజయవాడలో కూర్చున్న అకౌంటెంటు ఖమ్మం దుకాణంలో ఎంత స్టాకు ఉండాలో చెప్పగలడు. కొన్న ధరకు పంపి వేరే ధరకు అమ్మితే ఈ సౌలభ్యం ఉండదు. స్టాకు, లాభం ఒకే అంకెలో కలిసిపోతాయి.

అందుకే స్టాకు పద్ధతిలో బ్రాంచికి ఒకే ఖాతా ఉండదు. సరకు కదలికలకు బ్రాంచి స్టాకు ఖాతా, అప్పు అమ్మకాలకు రుణగ్రస్తుల ఖాతా, లోడింగ్ తేల్చడానికి బ్రాంచి సర్దుబాటు ఖాతా, హెడ్డాఫీసు సరకు ఎంత వెళ్లిందో చెప్పే ‘బ్రాంచికి పంపిన సరకుల ఖాతా’, చివరగా బ్రాంచి లాభనష్టాల ఖాతా విడివిడిగా ఉంటాయి. వీటిలో స్టాకు ఖాతా మొత్తం ఇన్వాయిస్ ధరలోనే నడుస్తుంది. పంపిన సరకుల ఖాతాలో నిలిచేది అసలు ధర. రెంటికీ మధ్య తేడా వచ్చి చేరే చోటు సర్దుబాటు ఖాతా. ఈ ఒక్క విభజన మనసులో పడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

విజయవాడలో హెడ్డాఫీసు, ఖమ్మంలో బ్రాంచి ఉన్న ఒక స్టీలు సామాను వ్యాపారాన్ని ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. సరకును అసలు ధరపై 25 శాతం కలిపి పంపుతారు. బ్రాంచి కూడా అదే ధరకు అమ్ముతుంది. ఏప్రిల్ 1 నాటికి బ్రాంచిలో ఇన్వాయిస్ ధర ప్రకారం 50,000 రూపాయల స్టాకు ఉంది. ఏడాదిలో 4,00,000 విలువైన సరకు వెళ్లింది. అందులో అమ్ముడుపోని 10,000 సరకును బ్రాంచి తిరిగి పంపింది. నగదు అమ్మకాలు 2,20,000, అప్పు అమ్మకాలు 1,60,000. అప్పు ఖాతాదారులు 5,000 సరకు వెనక్కి ఇచ్చారు.

స్టాకు ఖాతా డెబిట్ వైపు తొలి స్టాకు, వచ్చిన సరకు, ఖాతాదారులు తిరిగి ఇచ్చినది కలిపి 4,55,000 అవుతుంది. క్రెడిట్ వైపు హెడ్డాఫీసుకు వాపసు చేసినది, రెండు రకాల అమ్మకాలు కలిపి 3,90,000. అంటే మార్చి 31న అరల్లో 65,000 సరకు ఉండాలి. లెక్కపెట్టి చూస్తే 60,000 మాత్రమే ఉంది. 5,000 తరుగు.

ఈ పద్ధతి ప్రయోజనమంతా ఆ అంకెలో ఉంది. ఏ దొంగతనం, ఏ పగుళ్లు, ఏ బిల్లు రాయని అమ్మకం వల్ల అది వచ్చిందో ఖాతా చెప్పదు. వచ్చిందని మాత్రం దాచదు. కారణం వెతకడం మనుషుల పని. ఆ వెతుకులాటలో ముందుగా చూడాల్సింది దారిలో ఉన్న సరకు. మార్చి 30న విజయవాడలో లారీ ఎక్కి ఏప్రిల్ 1న ఖమ్మం చేరిన సరకు హెడ్డాఫీసు పుస్తకాల్లో పంపినట్టే ఉంటుంది, బ్రాంచి లెక్కింపులో మాత్రం ఉండదు. దాన్ని దారిలోని సరకుగా విడిగా చూపి స్టాకులో కలపకపోతే, పోని సరకు పోయినట్టు కనిపిస్తుంది. ఈ ఉదాహరణలో అలాంటిదేమీ లేదని, 5,000 తరుగు నిజమేనని, అది మామూలుగా జరిగేది కాదని అనుకుందాం.

ఇప్పుడు లోడింగ్ లెక్క. చాలామంది తడబడేది ఇక్కడే. లోడింగ్ అసలు ధరపై 25 శాతం. కానీ స్టాకు ఖాతాలోని అంకెలన్నీ ఇన్వాయిస్ ధరవి. అసలు ధర 100 అయితే ఇన్వాయిస్ 125, అందులో లోడింగ్ 25. అంటే అసలు ధరలో నాలుగో వంతు ఇన్వాయిస్ ధరలో ఐదో వంతవుతుంది. స్టాకు ఖాతాలోంచి తీసుకున్న ఏ అంకెకైనా ఇరవై శాతమే తీయాలి.

సర్దుబాటు ఖాతా క్రెడిట్ వైపు రెండు మొత్తాలు వస్తాయి: తొలి స్టాకులో దాగిన లోడింగ్ 10,000, ఏడాదిలో పంపిన సరకుపై లోడింగ్ 80,000. మొత్తం 90,000. డెబిట్ వైపు, ఇంకా సంపాదించనిదీ ఇక సంపాదించలేనిదీ అయిన లోడింగ్ పడుతుంది. వాపసు సరకుపై 2,000, తరుగుపై 1,000, మిగిలిన స్టాకుపై 12,000. ఈ చివరి మొత్తాన్ని స్టాకు రిజర్వు అంటారు. ఇదే వచ్చే ఏడాది తొలి స్టాకు రిజర్వుగా క్రెడిట్ వైపు తిరిగి వస్తుంది. తీసివేతల మొత్తం 15,000. మిగిలిన 75,000 బ్రాంచి స్థూల లాభం.

దీన్ని సరిచూసుకునే దారి సులువు. వాపసులు పోగా నికర అమ్మకాలు 3,75,000; దానిలో ఐదో వంతు 75,000. రెండూ కలిసాయి కాబట్టి లెక్క సరి. ఐదో వంతుకు బదులు పొరపాటున 25 శాతం తీస్తే ఆఖరి స్టాకు రిజర్వు 12,000కు బదులు 15,000 అవుతుంది. స్థూల లాభం 72,000కు దిగి, అమ్మకాలతో పోల్చగానే మూడు వేల తేడా బయటపడుతుంది. అయితే అన్ని చోట్లా అదే తప్పు నిష్పత్తి వాడితే ఈ పరీక్ష కూడా మోసపోతుంది. అప్పుడు ఒక వస్తువు కొనుగోలు బిల్లును, దాని ఇన్వాయిస్‌ను పక్కపక్కన పెట్టి చూడటమే మార్గం.

తరుగును రెండు ముక్కలు చేయడంలోనూ తర్కం ఉంది. పోయిన 5,000లో లోడింగ్ 1,000 ఎప్పుడూ సంస్థ డబ్బు కాదు. దాన్ని సర్దుబాటు ఖాతాలో తీసేస్తే చాలు. అసలు ధర 4,000 మాత్రం నిజంగా పోయిన డబ్బు. అది బ్రాంచి లాభనష్టాల ఖాతాకు నష్టంగా వెళ్తుంది. జీతాలు, అద్దె వంటి ఖర్చులు 36,000, రాని బాకీలు, ఇచ్చిన డిస్కౌంట్లు 2,000 అనుకుంటే నికర లాభం 33,000 తేలుతుంది. తరుగు ఆ వ్యాపారంలో మామూలుగా ఉండేదే అయితే, ఉదాహరణకు తూకంలో ఇంకిపోయే సరకైతే, ముక్కలు చేయనక్కర్లేదు. మొత్తం ఇన్వాయిస్ విలువను సర్దుబాటు ఖాతాకే డెబిట్ చేస్తారు. అది అమ్మకాల వెంట వచ్చే ఖర్చు కాబట్టి స్థూల లాభమే తగ్గాలి.

హెడ్డాఫీసు వైపు, పంపిన సరకుల ఖాతాలో అసలు ధర ప్రకారం 3,20,000లోంచి వాపసు 8,000 పోగా 3,12,000 నిలుస్తుంది. ఆ మొత్తాన్ని హెడ్డాఫీసు తన వర్తకపు ఖాతాకు మళ్లిస్తుంది. ఆస్తి అప్పుల పట్టికలో బ్రాంచి స్టాకు 60,000గా కాక, రిజర్వు 12,000 తీసేసి 48,000గా కనిపించాలి. భారతీయ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ రెండో అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం నిల్వ సరకును అసలు ధరకు గానీ, అమ్మితే నికరంగా వచ్చే ధరకు గానీ, ఏది తక్కువైతే దానికి చూపాలి. లోడింగ్ మిగిలిపోయిన స్టాకు ఈ నియమానికి నిలవదు.

విజయవాడ, ఖమ్మం ఇప్పుడు వేర్వేరు రాష్ట్రాల్లో ఉండటం వల్ల ఇంకో సంగతి చేరుతుంది. 2017 జులై 1 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీలో, ఒకే సంస్థకు రెండు రాష్ట్రాల్లో ఉన్న రిజిస్ట్రేషన్లను ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగానే చూస్తారు. డబ్బు చేతులు మారకపోయినా బ్రాంచికి సరకు పంపడం సరఫరా కిందకే వస్తుంది. ఐజీఎస్టీ వేసిన ఇన్వాయిస్ ఉండాలి. బ్రాంచికి ఆ పన్ను పూర్తిగా క్రెడిట్‌గా దొరికితే, ఇన్వాయిస్‌లో వేసిన విలువనే పన్నుకు ఆధారంగా అంగీకరిస్తారు. కాబట్టి ఆ పన్నును లోడింగ్‌లో కలపకూడదు. తిరిగి వచ్చే పన్ను సరకు ధరలో భాగం కాదు.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. పండగ రోజుల్లో మేనేజరు హెడ్డాఫీసు అనుమతితో 2,000 రూపాయలు తగ్గించి అమ్మితే, ఒక్క గిన్నె పోకపోయినా స్టాకు ఖాతాలో అంత తరుగు తేలుతుంది. ఆ తగ్గింపును స్టాకు ఖాతాకు క్రెడిట్, సర్దుబాటు ఖాతాకు డెబిట్ రాసి తొలగించాలి. ఇన్వాయిస్ ధరకన్నా ఎక్కువకు అమ్మితే అదనం మిగులుగా తేలి, సర్దుబాటు ఖాతాకే క్రెడిట్ అవుతుంది. ప్రమాదం అంతా ఈ రెండోదానిలోనే ఉంది: ఒక చోట ఎక్కువకు అమ్మిన రెండు వేలు, మరో చోట పోయిన రెండు వేల సరకును చక్కగా కప్పేస్తాయి, ఖాతా మాత్రం సరిగా సరిపోయినట్టు కనిపిస్తుంది. ధర రోజురోజుకూ మారే బంగారం, కూరగాయలు వంటి వ్యాపారాలకు ఈ పద్ధతి పనికిరాదు. బ్రాంచి ధర మార్చే వీల్లేని చోటే అది తరుగును పట్టిస్తుంది.