శుభాకాంక్షల బటన్ నొక్కేముందు

ఉద్యోగస్తుల పరిచయాల కోసం నడిచే లింక్డ్‌ఇన్ మన కాలేజీ మిత్రులలో చాలామందికి తెలిసినదే. 2003లో మొదలైన ఈ వేదికను 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ కొనుగోలు చేసింది. అందులో చేరినవారికి తరచుగా ఒక కబురు వస్తుంటుంది: ఫలానా వారు ఉద్యోగంలో మూడేళ్లు పూర్తిచేశారు, లేదా కొత్త ఉద్యోగంలో చేరారు, అభినందించండి అని. అక్కడున్న బటన్ నొక్కితే తయారుగా ఉన్న ఇంగ్లీషు వాక్యమొకటి ముందుకొస్తుంది. పంపేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. కానీ ఆ కబురు ఎక్కడ పుట్టిందో ఒకసారి చూడాలి.

మా ఊళ్లో ఎవరి పిల్లవాడికైనా ఉద్యోగం వస్తే ఆ సంగతి తెలిసిన మనిషే వచ్చి చెప్తాడు. ఇక్కడ చెప్పేది మనిషి కాదు, ఒక తేదీ. సభ్యుడు తన వివరాలలో ఉద్యోగంలో చేరిన నెల, సంవత్సరం రాస్తాడు. ఇంకా అక్కడే పనిచేస్తుంటే `I am currently working in this role` అన్నచోట టిక్కు పెడతాడు. ఏటా ఆ నెల రాగానే యంత్రం లెక్కగట్టి పరిచయస్తులకు చెప్తుంది. ఆ మనిషి నిజంగా అక్కడ ఉన్నాడా లేదా అన్నది దానికి తెలియదు. టిక్కు తీసి, మానేసిన నెల రాసేదాకా దాని లెక్కలో ఉద్యోగం సాగుతూనే ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో నేను దగ్గరనుండి చూశాను. మొన్న వేసవి సెలవుల్లో రెండు నెలలు ఒక విత్తన పరీక్షా ల్యాబులో పనిచేశాను. అక్కడ పనిచేసి, కాంట్రాక్టు పొడిగించక ఇంటికి వెళ్లిపోయిన అన్న ఒకాయన ఉన్నాడు. వేరే ఉద్యోగం ఇంకా దొరకలేదు. దిగులులో ఉన్నవాడికి ఆ టిక్కు తీయాలని ఎక్కడ గుర్తుంటుంది? జూన్ రాగానే "నాలుగేళ్లు పూర్తి, అభినందనలు" అని ఒకదాని వెంట ఒకటి సందేశాలు వచ్చాయి. అవన్నీ మంచి మనసుతో పంపినవే. "ఒక్కొక్కళ్లకీ నేను లేనని చెప్పుకోవాల్సి వస్తోంది తమ్ముడూ" అన్నాడాయన.

కాబట్టి ఆ బటన్ నొక్కేముందు అవతలివారి పేజీ తెరిచి చూడాలి. ఈమధ్య ఏం రాశారు? ఉద్యోగం వెతుకుతున్నట్టుందా? అనుమానం వస్తే అభినందన మానేసి, "ఎలా ఉన్నారన్నా?" అని అడిగితే చాలు.

కొత్త ఉద్యోగం సంగతి కొంచెం వేరు. కొత్త కొలువు వివరాలు రాసేటప్పుడు `Notify network` అనే స్విచ్ కనబడుతుంది. అది వేస్తే పరిచయస్తులకు కబురు వెళ్తుంది. వేయకుండా ఉంచినవాళ్లు కావాలనే ఉంచి ఉండవచ్చు. ఇంకొకరి నోట మనకు తెలిసినా వారి పేజీలో అందరికీ కనబడేలా రాయకూడదు. పాత చోట నోటీసు గడువు ఇంకా నడుస్తుండవచ్చు, అక్కడి పై అధికారికి ఆ మాట మన ద్వారా తెలియడం బాగుండదు. వారే ప్రకటించినా "హమ్మయ్య, ఆ చోటు వదిలారు" వంటి మాటలు వ్యాఖ్యలలో వద్దు. పాత సహోద్యోగులు కూడా అది చదువుతారు. చనువు మాటలు విడి సందేశంలోకి పోవాలి.

ఇక ఏం రాయాలి? అదే ల్యాబులో మొలక శాతం చూసే అక్క ఒకరు ఆగస్టులో ఒక పెద్ద విత్తన కంపెనీలో చేరి, ఆ సంగతి తానే ప్రకటించారు. నాలుగువందల గింజలను వందేసి చొప్పున నాలుగు భాగాలుగా మొలకెత్తించి, మామూలు మొలకను వంకర మొలకనుండి వేరుచేయడం నాకు నేర్పినది ఆవిడే. నేనిలా రాశాను:

"అక్కా, కొత్త ఉద్యోగానికి అభినందనలు. వేరు సరిగా రాని మొలకను లెక్కలో కలపకూడదని మీరు చూపించినది మొన్న మా ప్రాక్టికల్స్‌లో పనికొచ్చింది. అక్కడ ఏ పంటల విత్తనాలు చూస్తున్నారు?"

మూడే వాక్యాలు. మొదటిది సందర్భం, రెండోది మా ఇద్దరికే తెలిసిన సంగతి, మూడోది సులువుగా జవాబివ్వగల ప్రశ్న. తయారు వాక్యంలో లేనిది ఆ రెండోదే. మూడో రోజున జవాబు వచ్చింది, మొక్కజొన్న, పత్తి అని.

అందులో నాకేదైనా ఖాళీ ఉంటే చూడమని అడగలేదు. పరిచయాలు ఉద్యోగానికి పనికిరావని కాదు. మరీ దగ్గరివారికంటే అంతంతమాత్రపు పరిచయస్తుల ద్వారానే కొత్త ఉద్యోగాల సంగతులు అందుతాయని 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త వాదించాడు. లింక్డ్‌ఇన్‌లోనే రెండు కోట్లమందికి పైగా సభ్యులపై జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరా కాక, మరీ దూరమూ కాని పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయని అందులో తేలింది. అయినా అభినందనతో అర్జీ కలిపితే అవతలివారికి అర్జీ ఒక్కటే కనబడుతుంది. అవసరమైతే కొన్ని వారాలాగి, విడిగా, సూటిగా అడగవచ్చు.

ఆ అన్న పేజీలో టిక్కు మా మిత్రుడొకడు పక్కన కూర్చుని తీయించాడు. తీసేటప్పుడు `Notify network` ఆపి ఉందో లేదో ముందు చూసుకున్నారట.