ముప్పై తొమ్మిది రూపాయలు మళ్లీ వంద కావాలంటే

2008 జనవరి 8న సెన్సెక్స్ 20,873 దగ్గర ముగిసింది. పద్నాలుగు నెలలు తిరిగేసరికి, 2009 మార్చి 9న, అది 8,160కి దిగిపోయింది. శిఖరం మీద వంద రూపాయలు పెట్టిన మనిషికి మిగిలింది 39. అంటే 61 శాతం ఆవిరైంది. మళ్లీ 61 శాతం పెరిగితే లెక్క సరిపోతుందని అనుకుంటే పొరపాటే. 39కి 61 శాతం కలిపితే 63 కూడా నిండదు. వంద కావాలంటే 156 శాతం పెరగాలి.

చిక్కంతా శాతాన్ని దేని మీద కడుతున్నామన్న దగ్గర ఉంది. పడేటప్పుడు వంద మీద కడతాం, లేచేటప్పుడు మిగిలినదాని మీద కడతాం. వందలో యాభై పోయాక, రావలసిన యాభై చేతిలో ఉన్న యాభైకి సమానం. అందుకే నూరు శాతం పెరగాలి. పది శాతం పడితే 11 శాతం చాలు, ఇరవై పడితే పాతిక. ఎనభై పడిందా, నాలుగు వందల శాతం కావాలి.

ఈ పతనాన్ని కొలిచే అంకెను మార్కెట్‌లో 'మాగ్జిమమ్ డ్రాడౌన్' అంటారు. నోట్‌బుక్‌లో మూడు గడులు గీస్తే దొరికేస్తుంది. మొదటి గడిలో రోజువారీ ముగింపు విలువ, రెండో దానిలో అప్పటిదాకా తాకిన గరిష్ఠం, మూడో దానిలో ఆ గరిష్ఠం నుంచి ఎంత శాతం కిందున్నామో రాయాలి. మూడో గడిలోని అతి పెద్ద అంకే అది. ఏడాదికొక్కసారి మాత్రమే విలువ రాసుకుంటే అసలు లోతు కనబడదు. 2008 క్యాలెండర్ ఏడాదిలో సెన్సెక్స్ నష్టం 52 శాతమే మరి.

మరుసటి ఏడాది 81 శాతం లాభం వచ్చింది. రెండేళ్లకూ సగటు కడితే ఏడాదికి 14 శాతం లాభంలా కనిపిస్తుంది. ఈ సగటును నమ్మకూడదు. 2007 చివర 20,287 ఉన్న సూచీ 2009 చివర 17,465 దగ్గరే ఉంది. అసలులో 14 శాతం పోయింది!

చివరికి 2010 నవంబరు 4న సెన్సెక్స్ 20,894 దగ్గర ముగిసి పాత శిఖరాన్ని దాటింది. దాదాపు 34 నెలలు పట్టింది. ఏడాదికి 8 శాతం వడ్డీ వచ్చే చోట ఆ వంద ఉండి ఉంటే అప్పటికి 124 అయ్యేది.

పైగా సూచీ కోలుకుందంటే అందులోని ప్రతి షేరూ కోలుకున్నట్టు కాదు. హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం 2009 జనవరి 7న బయటపడింది. ఆ ఒక్క రోజే షేరు సుమారు 179 రూపాయల నుంచి 40కి పడింది. ఆ 40 తిరిగి 179 కావాలంటే దాదాపు 350 శాతం పెరగాలి. కొద్ది రోజుల్లోనే సత్యంను సెన్సెక్స్ నుంచి తప్పించి సన్ ఫార్మాను చేర్చారు. సూచీ ఆ తర్వాత ఎక్కిన మెట్లలో సత్యం షేరుదారులకు చోటు లేదు.