ఒక్క కూడికలోనే తేడా

1959లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా మూడు పేజీల వ్యాసం ఒకటి ప్రచురించాడు. అందులో రెండు సమస్యలు. ఒక ఊరి నుంచి మరో ఊరికి అతి దగ్గరి దారి ఏది అన్నది ఒకటి. కొన్ని బిందువులన్నిటినీ అతి తక్కువ తీగతో ఎలా కలపాలి అన్నది రెండోది. మొదటిదాన్ని షార్టెస్ట్ పాత్ అంటారు, రెండోదాన్ని మినిమమ్ స్పానింగ్ ట్రీ. బీటెక్ అల్గారిదమ్స్ పేపర్‌లోనూ, గేట్‌లోనూ నాలుగైదు నోడ్‌ల చిన్న గ్రాఫ్ ఇచ్చి ఇప్పటికీ ఈ రెండే అడుగుతారు. బొమ్మ ఒకేలా ఉంటుంది గనుక చాలామంది ఒకదాని జవాబు రెండోదానికి రాసేస్తుంటారు.

ఒక గ్రాఫ్ గీసి చూద్దాం. ఏ, బీ, సీ, డీ అని నాలుగు నోడ్‌లు. ఏ-బీ, బీ-సీ, సీ-డీ ఎడ్జ్‌లకు తలా 2 వెయిట్. ఏ-సీకి 3, ఏ-డీకి 6.

ముందు స్పానింగ్ ట్రీ. క్రస్కల్ పద్ధతిలో ఎడ్జ్‌లను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా తీసుకుంటూ, చుట్టు తిరిగి సైకిల్ ఏర్పడేలా ఉంటే వదిలేస్తాం. మూడు రెండ్లూ తీసుకునేసరికి నాలుగు నోడ్‌లూ కలిసిపోయాయి. మొత్తం 6, పని అయిపోయింది.

ఇప్పుడు ఏ నుంచి దగ్గరి దారులు. డైక్‌స్ట్రా పద్ధతిలో మొదట ఏ నుంచి నేరుగా కనిపించే దూరాలు రాసుకుంటాం: బీకి 2, సీకి 3, డీకి 6. వీటిలో చిన్నది బీ, దాన్ని ఖాయం చేస్తాం. బీ మీదుగా సీకి వెళ్తే 2+2, అంటే 4. చేతిలో ఉన్న 3 కన్నా ఎక్కువ గనుక మార్చం. తర్వాత సీ ఖాయం. సీ మీదుగా డీకి 3+2, అంటే 5. ఇది 6 కన్నా తక్కువ, కాబట్టి కొట్టేసి 5 రాస్తాం. చివరికి బీ, సీ, డీల దూరాలు 2, 3, 5.

స్పానింగ్ ట్రీలో లేని ఏ-సీ ఎడ్జ్ ఇక్కడ వచ్చింది, ట్రీలో ఉన్న బీ-సీ ఇక్కడ పోయింది. ట్రీ వెంటే నడిస్తే ఏ నుంచి డీకి 6 అవుతుంది, అసలు దగ్గరి దారి 5. ప్రిమ్ పద్ధతిలో పట్టిక వేస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అచ్చం డైక్‌స్ట్రా పట్టికలాగే ఉంటుంది గాని, బీ చేరాక సీ పక్కన బీ-సీ వెయిట్ అయిన 2 మాత్రమే రాస్తాం. అక్కడిదాకా నడిచిన 2ను దానికి కలపం. రెండు పద్ధతులకూ తేడా అంతా ఆ ఒక్క కూడికలోనే ఉంది. పరీక్ష గదిలో కలం జారేదీ అక్కడే.

ప్రశ్నలు తయారుచేసేవారికి ఇష్టమైన మెలిక కూడా దీని నుంచే పుడుతుంది: "ప్రతి ఎడ్జ్ వెయిట్‌నూ ఒకే మేర పెంచితే జవాబు మారుతుందా?" మన గ్రాఫ్‌లో అన్నిటికీ 2 కలుపుదాం. ట్రీకి ఏమీ కాదు. నాలుగు నోడ్‌లను కలిపే ఏ ట్రీలోనైనా ఎడ్జ్‌లు మూడే గనుక, అన్ని ట్రీలూ సమానంగా 6 చొప్పున పెరుగుతాయి. గెలిచినదే మళ్లీ గెలుస్తుంది. దారుల సంగతి అలా కాదు. ఏ-సీ-డీలో రెండు ఎడ్జ్‌లున్నాయి, అది 5 నుంచి 9కి పెరిగింది. నేరుగా వెళ్లే ఏ-డీ 6 నుంచి 8కే పెరిగింది. దగ్గరి దారి మారిపోయింది! వెయిట్‌లన్నిటినీ 2తో గుణిస్తే మాత్రం రెండు జవాబులూ చెక్కుచెదరవు.

నెగెటివ్ వెయిట్ ఉన్నప్పుడు డైక్‌స్ట్రా పద్ధతి తప్పు జవాబు ఇవ్వవచ్చు. ఒకసారి ఖాయం చేసిన దూరం తర్వాత ఇంకా తగ్గే వీలుంటుంది గనుక. అన్నిటికీ ఓ పెద్ద సంఖ్య కలిపి నెగెటివ్ పోగొట్టేద్దామన్న ఆలోచన ఎందుకు చెల్లదో పైలెక్కే చెబుతోంది. అక్కడ బెల్‌మన్-ఫోర్డ్ వాడాలి. క్రస్కల్, ప్రిమ్‌లకు ఆ బెడద లేదు.

రాసిన జవాబు సరిచూసుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ట్రీ అయితే, వదిలేసిన ఒక్కో ఎడ్జ్‌నూ తిరిగి పెట్టి చూడాలి. ఏర్పడిన సైకిల్‌లో దానికన్నా పెద్దది ఉండకూడదు. ఏ-సీని పెడితే సైకిల్‌లో 3, 2, 2 వస్తాయి, కాబట్టి సరే. దారులైతే, ప్రతి ఎడ్జ్‌కూ ఒక కొన దూరానికి వెయిట్ కలిపితే రెండో కొనకు రాసిన దూరం కన్నా తగ్గకూడదు. ఎక్కడైనా తగ్గిందంటే, ఏదో ఒక అడుగులో ఆ నోడ్ దూరాన్ని కొట్టి రాయడం మరిచిపోయారన్నమాట.