ఫిలమెంటు బల్బు గ్రాఫు ఎందుకు వంగుతుంది?

కార్ల ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బును మల్టీమీటరుతో కొలిచి చూడండి. నిరోధం ఇంచుమించు అర ఓం చూపిస్తుంది. ఆ లెక్కన 12 వోల్టులు ఇస్తే 24 ఆంపియర్ల కరెంటు పారాలి. కానీ 21 వాట్లను 12తో భాగిస్తే వచ్చేది 1.75 ఆంపియర్లే. మీటరూ తప్పు చెప్పలేదు, బల్బు మీద రాసిందీ తప్పు కాదు. మీటరు కొలిచింది చల్లని బల్బును.

వోల్టేజీని మార్చుకోగలిగే సప్లైకి బల్బును కలిపి, దానికి వరుసలో అమ్మీటరు, రెండు కొనల మీద వోల్ట్‌మీటరు పెట్టి కొలుద్దాం. సుమారుగా 1 వోల్టు దగ్గర 0.45 ఆంపియరు, 6 వోల్టుల దగ్గర 1.2, 12 దగ్గర 1.75 వస్తాయి. వోల్టేజీ పన్నెండింతలైనా కరెంటు నాలుగింతలే అయింది. వోల్టేజీని అడ్డంగా, కరెంటును నిలువుగా తీసుకుని గ్రాఫు గీస్తే, గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను అడ్డం వైపు ఒరుగుతుంది. బ్యాటరీ తీగలు తిరగేసి కలిపినా అదే వంపు అవతలి వైపు కనిపిస్తుంది.

వంపుకు కారణం వేడి. టంగ్‌స్టన్ తీగలో పరమాణువులు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. తీగ వేడెక్కేకొద్దీ ఆ కంపనాలు పెరిగి, ఎలక్ట్రాన్లు దారి తప్పి చెదిరిపోవడం ఎక్కువవుతుంది. వెలుగుతున్న ఫిలమెంటు 2,400 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అప్పుడు దాని నిరోధం దాదాపు 7 ఓంలు, అంటే చల్లగా ఉన్నప్పటికి పద్నాలుగింతలు.

ఇది ఓం నియమానికి భంగమని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఉష్ణోగ్రత మారనంతవరకే ఆ నియమం వర్తిస్తుంది, ఇక్కడ మనం వోల్టేజీతో పాటు ఉష్ణోగ్రతనూ మార్చేశాం. గ్రాఫు మీద ఏ బిందువు దగ్గరైనా నిరోధం కావాలంటే, అక్కడి వోల్టేజీని అక్కడి కరెంటుతో భాగించాలి. ఆ బిందువు దగ్గర గీత వాలును చూసి లెక్కగడితే 12 వోల్టుల దగ్గర 12 ఓంలకు పైగా వస్తుంది. అది ఈ బల్బు నిరోధం కాదు.

ఇంకో విషయం నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. ఈ వంపు కనబడాలంటే ప్రతి మెట్టు దగ్గరా తీగ వేడి స్థిరపడేదాకా ఆగాలి. అదే బల్బుకు 50 హెర్ట్జ్ ఏసీ ఇచ్చి ఆసిలోస్కోపులో చూస్తే దాదాపు సరళరేఖే వస్తుంది, ఎందుకంటే సెకనులో యాభయ్యో వంతు కాలంలో తీగ పెద్దగా చల్లబడదు. స్విచ్ వేసిన క్షణంలో మాత్రం తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కనుక, మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. వాడి వాడి సన్నబడిన ఫిలమెంటు చాలాసార్లు తెగేది సరిగ్గా అప్పుడే.