మైనస్ 18 గదికి ఎంత మిషన్ కావాలి?

కోల్డ్ రూమ్ పెట్టుకుందామని ఎవరినైనా ధర అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "గది సైజెంతండీ?" పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పగానే ఇన్ని హార్స్‌పవర్ల కంప్రెసర్ చాలని మాట ఇచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత మే నెలలో గది మైనస్ 9 దగ్గర ఆగిపోతుంది. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందంటాడు, కొంచెం కొట్టి వెళ్తాడు. మర్నాటికి మళ్లీ అదే కథ. గ్యాస్‌కు దీనితో సంబంధం లేని సందర్భాలే ఎక్కువ. లోపం మొదటి ప్రశ్నలోనే ఉంది. గది కొలతలు చెప్పేది గోడల గుండా వచ్చే వేడిని మాత్రమే. మిషన్‌ను కుంగదీసేది తలుపు, సరుకు, ఆపైన మంచు కరిగించడానికి మనమే లోపల పెట్టే హీటర్.

ఒక గదిని తీసుకుని లెక్క వేద్దాం. భీమవరంలో ఫ్రోజెన్ రొయ్యలు కొని హోటళ్లకు వేసే చిన్న వ్యాపారి అనుకోండి. గది లోపలి కొలతలు 4 మీటర్లు, 3 మీటర్లు, ఎత్తు రెండున్నర. అంటే 30 ఘనమీటర్లు. చుట్టూ 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్, నేలకూ అంతే మందం. రేకుల షెడ్డులో ఉంది కాబట్టి బయటి వేడి 40 డిగ్రీలు అనుకుందాం. లోపల మైనస్ 18. రోజుకు 600 కిలోల సరుకు వస్తుంది, అంతే పోతుంది.

వేడిని కొలవడానికి కరెంటు బిల్లులోని యూనిట్‌నే వాడదాం, అంటే 3,600 కిలోజౌళ్లు. ఇవి గదిలోకి చేరే వేడి యూనిట్లే గానీ మీటరులో తిరిగే యూనిట్లు కావని గుర్తుంచుకోండి.

ముందు గోడలు. ఈ మందం ప్యానెల్ ఒక్కో చదరపు మీటరు గుండా, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 0.23 వాట్ల వేడి లోపలికి వస్తుంది. గోడలూ పైకప్పూ కలిసి 47 చదరపు మీటర్లు, తేడా 58 డిగ్రీలు. గుణిస్తే 627 వాట్లు. నేల కింద మట్టి అంత వేడిగా ఉండదు, 30 డిగ్రీలు వేసుకుంటే అక్కడి నుంచి మరో 130 వాట్లు. మొత్తం 760 వాట్ల చిల్లర, రోజుకు 18 యూనిట్లు. ఇది రాత్రీ పగలూ నిలకడగా వచ్చే వేడి. ప్యానెల్ అతుకుల దగ్గర తడి చేరనంత కాలం పెద్దగా మారదు. సైజు చెప్పగానే మిషన్ చెప్పేవాళ్ల దగ్గర ఉన్నది ఈ ఒక్క అంకెకు కాస్త కలిపిన ఉజ్జాయింపే.

ఇక సరుకు. ప్లాంటులో గడ్డకట్టించిన రొయ్యలు బండిలో వచ్చేసరికి మైనస్ 10కి చేరాయనుకోండి. వాటిని మళ్లీ మైనస్ 18కి దించాలి. 8 డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ మైనస్ 10 దగ్గర కూడా మాంసంలోని నీరు పూర్తిగా గడ్డకట్టి ఉండదు, మిగిలిన కొద్ది నీరు ఈ దారిలో గడ్డకడుతూ తన వేడిని వదులుతుంది. అందుకే చేప మాంసం పట్టికల ప్రకారం కిలోకు సుమారు 27 కిలోజౌళ్లు తీసేయాలి. 600 కిలోలకు నాలుగున్నర యూనిట్లు. ఇది తేలికే.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. ఒకరోజు చెరువు పట్టుబడి ఎక్కువైంది, ధర పడిపోయింది. "ఎలాగూ గది ఉంది కదా, పచ్చి రొయ్యలు ఇందులోనే పెట్టేద్దాం" అనుకున్నాడు వ్యాపారి. ఐసులో ఉన్న సరుకు 5 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చింది. ఇప్పుడు కిలోకు 27 కాదు, దాదాపు 300 కిలోజౌళ్లు తీయాలి, ఎందుకంటే అందులోని నీరంతా ఇక్కడే గడ్డకట్టాలి. 600 కిలోలకు 50 యూనిట్లు. అదే బరువు, అదే గది, పని మాత్రం పదకొండు రెట్లు. నిల్వ గదిని ఫ్రీజింగ్ ప్లాంటుగా వాడితే గది చల్లబడదు. సరుకు నెమ్మదిగా గడ్డకట్టి లోపల పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడతాయి, కరిగించినప్పుడు రొయ్య నీరు కారి మెత్తబడుతుంది. పక్కనున్న పాత సరుకు కూడా వేడెక్కుతుంది. పచ్చి సరుకుకు బ్లాస్ట్ ఫ్రీజర్ వేరే ఉండాలి, లేదా మొదటి రోజే మిషన్‌ను ఆ లెక్కన తీసుకోవాలి.

ఇక్కడ గంటల సంగతి కూడా ఉంది. నాలుగున్నర యూనిట్లను 24 గంటలకు పరిచి లెక్కవేశాం. పొద్దున వచ్చిన సరుకు మధ్యాహ్నానికే మైనస్ 18కి చేరాలని హోటల్‌వాళ్లు పట్టుబడితే, అదే వేడిని 8 గంటల్లో తీయాలి. అప్పుడు ఆ 8 గంటల్లో సరుకు భారం మూడింతలవుతుంది. "ఎంత సరుకు?" అని అడిగినవాడు "ఎన్ని గంటల్లో?" అని కూడా అడగాలి.

తలుపు దగ్గరికి వద్దాం. తలుపు తీయగానే లోపలి చల్లగాలి బరువుగా కిందినుంచి బయటికి జారిపోతుంది, పైనుంచి వేడిగాలి లోపలికి దూరుతుంది. కాళ్లకు చల్లగా, ముఖానికి వెచ్చగా తగిలేది అందుకే. ఈ పరిమాణం ఉన్న ఫ్రీజర్ గదుల్లో మామూలు వాడకానికి రోజుకు 13, 14 సార్లు గాలి మొత్తం మారినట్టు పట్టికలు చెబుతాయి. ఒక్కసారి మారితే సుమారు 40 కిలోల గాలి. భీమవరం గాలి వేడిగా ఉండటమే కాదు, తడిగానూ ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర 45 శాతం తేమ వేసుకున్నా, ఆ గాలిని మైనస్ 18కి తేవడానికి కిలోకు 110 కిలోజౌళ్ల పైచిలుకు తీయాలి. రోజుకు లెక్కకడితే దాదాపు 17 యూనిట్లు. అంటే చుట్టూ ఉన్న గోడలన్నీ కలిసి తెచ్చేంత వేడిని ఒక్క తలుపే తెస్తోంది. లోడింగ్ కుర్రాళ్లు తలుపుకు ఇటుక అడ్డం పెట్టి బాక్సులు మోశారంటే ఇది రెట్టింపు కావడం చిత్రమేమీ కాదు.

అందులో సగం పైగా తేమ తెచ్చిన వేడే. ఆ తేమ ఎక్కడికి పోతుంది? లోపలి కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. మన లెక్కన రోజుకు సుమారు 11 కిలోలు. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు, ఏ మీటరూ అక్కర్లేదు. కాయిల్ డ్రెయిన్ పైపు బయటికి వచ్చే చోట ఒక బకెట్ పెట్టి 24 గంటల నీరు పట్టండి. ప్యాక్ చేసిన ఫ్రోజెన్ సరుకు వదిలే తేమ తక్కువే, కాబట్టి ఆ బకెట్లో ఉన్నదాదాపు అంతా తలుపు గుండా వచ్చిన నీరే. 11 లీటర్లకు బదులు 20 వచ్చాయంటే మెకానిక్‌ను పిలిచే ముందు తలుపు రబ్బరు, కుర్రాళ్ల అలవాటు చూసుకోండి. బాగా అమర్చిన స్ట్రిప్ కర్టెన్ ఈ గాలిని సగానికి పైగా ఆపుతుంది. చేతికి అడ్డమొస్తున్నాయని ఆ పట్టీలను కట్టి పైకి ఎత్తేయని గోడౌన్ నాకు అరుదుగా కనిపించింది.

కాయిల్ మీద మంచు ఉంటే గాలి ఆడదు. అందుకే కంప్రెసర్ ఆపి, కాయిల్‌లోని హీటర్లు వెలిగించి మంచు కరిగిస్తారు. అదే డీఫ్రాస్ట్. చల్లబరచాల్సిన గదిలో మనమే హీటర్ పెట్టుకోవడం వింతగా ఉన్నా, మైనస్ గదిలో గాలితో మంచు కరగదు కాబట్టి తప్పదు. మన గదికి 3 కిలోవాట్ల హీటర్లు, రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట. మొత్తం 6 యూనిట్లు. ఆ 11 కిలోల మంచు కరిగి డ్రెయిన్‌లో పోవడానికి నిజంగా కావలసింది యూనిట్ పావుకు మించదు. మిగిలిన దాదాపు 5 యూనిట్లు కాయిల్ లోహాన్ని, చుట్టూ ఉన్న గాలిని వేడిచేస్తాయి. మళ్లీ ఆ వేడిని తీసేది మన కంప్రెసరే. లెక్కల్లో తరచుగా ఎగిరిపోయే అంకె ఇది.

మంచు కరగగానే హీటర్ ఆపే సెన్సర్ ఒకటి కాయిల్ మీద ఉంటుంది. అది పాడైతే మంచు పది నిమిషాల్లో కరిగినా హీటర్ టైమర్ అయ్యేదాకా మండుతూనే ఉంటుంది. గుర్తు సులభం: కాయిల్ పైన సీలింగ్ మీద, ఫ్యాన్ జాలీల మీద తెల్లటి మంచు పూత కనిపిస్తుంది. హీటర్ లేపిన ఆవిరి అక్కడ అంటుకుని గడ్డకట్టిందన్నమాట. దానికి విరుగుడు డీఫ్రాస్ట్‌ల సంఖ్య పెంచడం కాదు, సెన్సర్ మార్చడం.

ఫ్యాన్ మోటార్లు, లైటు, రెండు గంటలు లోపల పనిచేసే మనిషి, అన్నీ కలిపి 6 యూనిట్లు వేసుకుని ముందుకు పోదాం.

గోడలు 18, సరుకు నాలుగున్నర, తలుపు 17, డీఫ్రాస్ట్ 5, మిగతావి 6. కూడితే యాభైన్నర. పదిశాతం జాగ్రత్తకు కలిపితే 55 యూనిట్ల చిల్లర. దీన్ని 24తో భాగిస్తే 2.3 కిలోవాట్లు వస్తుంది, చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ మిషన్ 24 గంటలు చల్లబరచదు. నాలుగు డీఫ్రాస్ట్‌లు, ఆ తర్వాత నీరు కారే సమయం, కాయిల్ మళ్లీ చల్లబడే సమయం, అప్పుడప్పుడూ కరెంటు కోత పోగా ఫ్రీజర్ గదికి 18 గంటలు లెక్కలోకి తీసుకోవడం వాడుక. 18తో భాగిస్తే 3.1 కిలోవాట్లు. ఈ రెండు అంకెల మధ్య తేడానే మే నెలలో మైనస్ 9 దగ్గర ఆగిపోయే గది. పచ్చి రొయ్యలు పెట్టే ఆలోచన ఉంటే అదే లెక్క 5.9 కిలోవాట్లకు పోతుంది, దాదాపు రెట్టింపు.

సరే, భయంతో మరీ పెద్ద మిషన్ కొంటే? అది నాలుగు నిమిషాలు తిరిగి ఆగి, మళ్లీ మొదలై, ఆ స్టార్టింగ్‌లతోనే కంప్రెసర్ అరుగుతుంది. కొన్న ఖర్చు సరేసరి.

చివరి మోసం అంకెలో కాదు, దాని పక్కన రాయని షరతులో ఉంటుంది. 3.1 కిలోవాట్లంటే టన్నుకన్నా తక్కువే కాబట్టి టన్ను ఏసీ కంప్రెసర్ సరిపోతుందనుకోవద్దు. ఏసీ కాయిల్ సుమారు 7 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, మన గది కాయిల్ మైనస్ 25 దగ్గర పనిచేయాలి. అంత చలిలో పల్చబడిన గ్యాస్‌ను లాగే కంప్రెసర్ తన ఏసీ సామర్థ్యంలో కొంత భాగమే ఇవ్వగలదు. హార్స్‌పవర్ అంకెలో ఈ తేడా కనబడదు.

కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడు హార్స్‌పవర్‌తో సరిపెట్టుకోకండి. రోజుకు ఎన్ని కిలోల సరుకు, ఏ ఉష్ణోగ్రతలో వస్తే, ఎన్ని గంటల్లో దించుతుందో, తలుపుకూ డీఫ్రాస్ట్‌కూ ఎంత వేశారో, కాయిల్ మైనస్ 25 దగ్గర, బయట 43 డిగ్రీలుంటే మిషన్ ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో కాగితం మీద రాసివ్వమనండి. రాయనన్న చోట అడ్వాన్స్ ఇవ్వకండి.