హోటల్ ఏసీ: ఇరవై ఏళ్ల లెక్క

విజయవాడలో 100 గదుల హోటల్ కడుతున్నారనుకుందాం. కింద రెస్టారెంటు, ఒక బాంకెట్ హాలు. హోటల్ నిండా జనం ఉన్న మే నెల మధ్యాహ్నం మొత్తం భవనానికి దాదాపు 150 టన్నుల ఏసీ కావాలి. యజమాని ముందు రెండు కొటేషన్లు ఉంటాయి. ఒకటి వీఆర్‌ఎఫ్: డాబా మీద ఔట్‌డోర్ యూనిట్లు, వాటి నుంచి సన్నటి రాగి పైపుల్లో గ్యాస్ నేరుగా ప్రతి గదికీ వెళుతుంది. జపాన్‌కు చెందిన డైకిన్ 1982లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రెండోది చిల్లర్ ప్లాంటు: ఒకచోట నీటిని 7 డిగ్రీలకు చల్లబరిచి, పంపులతో గదుల్లోని ఫ్యాన్ కాయిల్ యూనిట్లకు తోస్తారు. గదుల్లోని వేడిని మోసుకుని ఆ నీరు 12 డిగ్రీల దగ్గర తిరిగి వస్తుంది. భవనంలోంచి లాగిన వేడి కూలింగ్ టవర్ ద్వారా బయటికి పోతుంది.

వీఆర్‌ఎఫ్ 1.25 కోట్లు, చిల్లర్ 1.55 కోట్లు అని కొటేషన్లు వచ్చాయనుకోండి. చాలామంది అక్కడే తేల్చేస్తారు. కానీ ఈ యంత్రాలు ఇరవై ఏళ్లలో తాగే కరెంటు ముందు వాటి ఖరీదు చిన్నదే. అందుకే కొన్న ధర, కరెంటు, నీళ్లు, మరమ్మతు, మధ్యలో యంత్రం మార్చే ఖర్చు, చివర మిగిలే విలువ అన్నీ కలిపి నేటి రూపాయల్లోకి తేవాలి. ధరల పెరుగుదలను పక్కనపెట్టి వడ్డీ 6 శాతం అనుకుంటే, ఇరవై ఏళ్లపాటు ఏటా కట్టే ఒక్కో రూపాయి అంతా కలిసి నేడు సుమారు 11.47 రూపాయలతో సమానం. ఇక్కడ నేను వేసే అంకెలు నమూనా కోసమే. మీ కొటేషన్లు, మీ కరెంటు రేటు పెట్టుకుని మళ్లీ వేసుకోవాలి.

ఈ హోటల్ ఏడాదిలో వాడే చల్లదనం 4.5 లక్షల టన్ను-గంటలు, యూనిట్ కరెంటు 8 రూపాయలు అనుకుందాం. వీఆర్‌ఎఫ్ టన్ను-గంటకు సగటున ఒక యూనిట్ తీసుకుంటే ఏడాదికి 36 లక్షల బిల్లు. చిల్లర్ విడిగా చూస్తే ఇంకా పొదుపరి. నీటితో చల్లబడేది కాబట్టి టన్ను-గంటకు 0.65 యూనిట్‌తో సరిపెట్టుకోగలదు. ఆ లెక్కన ఏడాదికి 2.9 లక్షల యూనిట్లు. కొటేషన్‌తో వచ్చే బ్రోషర్‌లో గొప్పగా కనిపించే అంకె కూడా ఇదే.

అయితే చిల్లర్ ఒంటరిగా నడవదు. చల్లటి నీటి పంపు, టవర్ నీటి పంపు, టవర్ ఫ్యాను కలిసి ఈ పరిమాణంలో దాదాపు 25 కిలోవాట్లు. హోటల్లో ఏసీ ఎప్పుడూ ఆగదు. రాత్రి రెండింటికి ఇరవై గదుల్లోనే జనం ఉన్నా ఆ పంపులు పూర్తి వేగంతో తిరుగుతుంటే, ఏడాదికి 8,760 గంటల్లో 2.2 లక్షల యూనిట్లు వాటికే పోతాయి. చిల్లర్ మిగిల్చినదంతా పంపులు తినేసి, మొత్తం 5.1 లక్షల యూనిట్లు దాటుతుంది. పంపులకు వేగం మార్చే డ్రైవ్‌లు, గది చల్లబడగానే నీటిని ఆపే టూ-వే వాల్వులు పెడితే ఆ 25 కిలోవాట్లు సగటున 11కు దిగుతాయి. అప్పుడు మొత్తం 3.9 లక్షల యూనిట్లు, బిల్లు 31 లక్షలు. వీఆర్‌ఎఫ్ ఈ రెంటికీ మధ్యలో నిలుస్తుంది.

నీటి ఖర్చును మరచిపోకూడదు. టవర్‌లో ఆవిరయ్యే నీళ్లు, ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు కలిపి టన్ను-గంటకు ఎనిమిది తొమ్మిది లీటర్లు. మన హోటల్‌కు ఏడాదికి 39 లక్షల లీటర్లకు దగ్గర. వెయ్యి లీటర్లు 80 రూపాయలైతే 3.1 లక్షల రూపాయలు. బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించే ఊరైతే ఈ పద్దు ఇంకా పెరుగుతుంది. ఆపరేటర్లు, టవర్ రసాయనాలు, ట్యూబుల శుభ్రం కలిపి చిల్లర్‌కు ఏటా 8 లక్షలు, వీఆర్‌ఎఫ్‌కు 5 లక్షలు వేద్దాం.

వీఆర్‌ఎఫ్‌కు ఆయుష్షు పదిహేనేళ్లు. అప్పుడు కోటి రూపాయలు పెట్టి మార్చాలి. ఇరవయ్యో ఏట దానికి మిగిలి ఉండే విలువను తీసేస్తే, నేటి లెక్కలో అది 21 లక్షల భారం. చిల్లర్ ఇరవై ఏళ్లు లాగుతుంది. మధ్యలో ఒక ఓవర్‌హాల్‌కు, నేటి విలువలో 5 లక్షలు చాలు. అంతా కలిపితే వీఆర్‌ఎఫ్ 6.16 కోట్లు, డ్రైవ్‌లున్న చిల్లర్ 6.45 కోట్లు. తేడా ఐదు శాతం లోపే. ఊహల మీద నిలిచిన లెక్కలో అంత తేడాను తేడాగా చూడకూడదు. డ్రైవ్‌లు, వాల్వులు తీసేయించి ముందుగా 5 లక్షలు మిగుల్చుకున్న చిల్లర్ మాత్రం 7.5 కోట్లకు చేరుతుంది. ఆ 5 లక్షలకు బదులుగా నేటి విలువలో కోటీ పది లక్షలకు పైగా కరెంటు కట్టాలి.

వీఆర్‌ఎఫ్‌కూ ఇలాంటి గొయ్యి ఉంది. డాబా మీద చోటు చాలక ఔట్‌డోర్ యూనిట్లను గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తారు. చూడటానికి బాగుండాలని చుట్టూ గ్రిల్లు కడతారు. ఒక యూనిట్ వదిలిన వేడిగాలినే పక్కది పీలుస్తుంది. బయట 42 డిగ్రీలుంటే యూనిట్‌లోకి వెళ్లే గాలి 47 దాకా పోతుంది. టన్ను-గంటకు ఒక యూనిట్ అనుకున్నది 1.15కు పెరిగితే ఇరవై ఏళ్ల ఖర్చు 6.78 కోట్లవుతుంది. అప్పుడు చక్కగా నడిచే చిల్లరే చవక. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి ఒక థర్మామీటర్ యూనిట్ గాలి తీసుకునే చోట, మరొకటి డాబా అంచు నీడలో పెట్టి చూస్తే చాలు, ఇది బయటపడుతుంది. చిల్లర్‌కు పరీక్ష ఇంకా సులువు. తిరిగి వచ్చే నీరు 12 బదులు 9 డిగ్రీల దగ్గరే ఉంటే, పంపులు పనిలేని నీటిని తిప్పుతున్నట్టే.

కొటేషన్లు పోల్చేటప్పుడు నేను మొదట వెతికేది బయటి గాలి సంగతి. గదుల్లోకి తాజా గాలి రావాలి. కృష్ణా తీరంలో ఆ గాలి తేమను మోసుకొస్తుంది. ఆ తేమ తీసే యంత్రం ధర చిల్లర్ కొటేషన్లో తరచూ ఉంటుంది, వీఆర్‌ఎఫ్‌లో చాలాసార్లు ఉండదు. అది లేకపోతే వర్షాకాలంలో గదుల్లో ముక్కవాసన వస్తుంది, వాల్‌పేపర్ వెనక బూజు పడుతుంది. ఆ యంత్రానికి 15 లక్షలయ్యేట్టయితే, రెండు పద్ధతుల మధ్య మనం చూసిన తేడాలో సగం అక్కడే పోయింది.

వీఆర్‌ఎఫ్‌లో గ్యాస్ గది పైకప్పు దాకా వస్తుంది కనుక లీకు సంగతి కూడా డబ్బు లెక్కే. ఆర్-410ఎ గ్యాస్‌కు అమెరికా ప్రమాణం అష్రే 15 ప్రకారం ఒక ఘనమీటరు గాలికి హద్దు సుమారు 420 గ్రాములు. 25 చదరపు మీటర్ల గది, 2.7 మీటర్ల ఎత్తు అంటే 28 కిలోలు. పొడవాటి పైపులున్న పెద్ద సిస్టమ్ ఒక్కదాంట్లోనే అంత గ్యాస్ ఉండొచ్చు. అందువల్ల గదులను చిన్న చిన్న సిస్టమ్‌లుగా విడగొట్టాల్సి వస్తుంది, ఔట్‌డోర్ యూనిట్లు పెరుగుతాయి, ధర కూడా. పైగా కిగాలీ ఒప్పందం కింద మన దేశం ఇలాంటి గ్యాసుల వాడకాన్ని 2032 నుంచి దశలవారీగా తగ్గించాలి. పదిహేనేళ్ల యంత్రం మధ్య వయసుకు వచ్చేసరికి దాని గ్యాస్ ధర ఇప్పటిలా ఉంటుందని అనుకోలేం.

ఈ పరిమాణం హోటల్లో ఏది కొనాలంటే, ప్లాంటును మూడు షిఫ్టులూ చూసుకునే సిబ్బంది లేనివాళ్లకు, ఏడాదిలో సగం రోజులు గదులు ఖాళీగా ఉండేవాళ్లకు వీఆర్‌ఎఫ్ నయం అంటాను. పక్కనే ఇంకో 60 గదులు కట్టే ఆలోచన, మంచి ఇంజినీరింగ్ సిబ్బంది, నమ్మకమైన నీళ్లు ఉన్నవాళ్లు చిల్లర్‌కు వెళ్లొచ్చు. ఏది కొన్నా ఏసీ మొత్తానికి విడిగా ఒక కరెంటు మీటరు పెట్టించాలి. టన్ను-గంటకు ఎన్ని యూనిట్లు అన్న అంకెను ఒప్పందంలో రాయించుకోవాలి. మొదటి మే నెల గడిచాక మీటరు ఆ అంకె చూపిస్తేనే చివరి పది శాతం చెల్లిస్తామని షరతు పెడితే, డ్రైవ్‌లను తీసేయమని గానీ, డాబా మీద యూనిట్లను ఇరికించమని గానీ ఏ కాంట్రాక్టరూ సలహా ఇవ్వడు.