వాచ్ నంబర్ నమ్మలేనప్పుడు వాకింగ్ స్పీడ్ తెలుసుకోవడం ఎలా?

మా నాన్నకి 58 ఏళ్లు. బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటారు. వాకింగ్‌లో ఆయన స్మార్ట్‌వాచ్ హార్ట్ రేట్ 95 దాటదు, ఎప్పుడూ 'లైట్' అనే చూపిస్తుంది. ఒకరోజు 110 వచ్చేదాకా వేగం పెంచబోయి బాగా ఆయాసపడ్డారు.

ఇందులో సెన్సార్ తప్పేం లేదు. చాలా వాచ్‌లు 220లోంచి వయసు తీసేసి జోన్లు లెక్కేస్తాయి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్నే తగ్గిస్తాయి కాబట్టి ఆ లెక్క వీళ్లకి కుదరదు.

దీనికి టాక్ టెస్ట్ చాలు. ఐదు నిమిషాలు నడిచాక, ఆగకుండానే రెండు వాక్యాలు పైకి మాట్లాడండి. మాట వస్తూ పాట పాడలేకపోతే మధ్యస్థం. పాట కూడా హాయిగా వస్తే తేలిక. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తీవ్రం.

తర్వాత కష్టానికి మార్కులు వేసుకోండి. ఊరికే కూర్చుంటే 0, ఇక నావల్ల కాదంటే 10. మధ్యస్థం అంటే 5 లేదా 6, తీవ్రం అంటే 7 లేదా 8.

నాన్న 95 దగ్గరే 6 అన్నారు, పాట రాలేదు. అంటే ఆయనకి అదే సరైన స్పీడ్.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం మార్కులు చూడకండి. నడక ఆపి వెంటనే డాక్టర్ సాయం తీసుకోండి.